తెల్ల ఫ్లేర్ ఎవరిది?

గుణుపురం

అమ్మలూ,

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మీద సెమినార్ ఇవ్వాలన్నావు. చదివిన పుస్తకాల్లో జనరల్స్ అందరినీ మూర్ఖులన్నట్టే రాశారు, అది నిజమేనా నాన్నా అని అడిగావు. ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఉద్యోగమంతా సిగ్నల్స్‌లో గడిపినవాణ్ని కాబట్టి నాకు తోచింది వివరంగా రాస్తున్నాను. ఆ రోజు చాలామంది కమాండర్లకు బుద్ధి కన్నా ముందు కబురు కరువైంది. తమ మనుషులు ఎక్కడున్నారో వాళ్లకు తెలియలేదు. తెలియకుండానే తర్వాతి ఆర్డర్ ఇచ్చారు.

మొత్తం సోమ్‌ను ఎత్తుకోకు. బోమాన్ హామెల్ అనే ఒక్క ఊరి ముందు, 1916 జూలై 1 ఉదయం, బ్రిటిష్ 29వ డివిజన్‌కు ఏం జరిగిందో చెప్పు చాలు. డివిజన్‌లో మూడు బ్రిగేడ్లు ఉన్నాయి. 86, 87 ముందు వెళ్లాలి. 88 వెనక రిజర్వులో ఉండి, ముందువాళ్లు జర్మన్ కందకం పట్టుకున్నాక వాళ్లను దాటి పోవాలి. దాడి మొదలయ్యే టైం 7:30. హాథార్న్ అనే మిట్ట కింద సొరంగం తవ్వి దట్టించిన మందుగుండును పది నిమిషాల ముందే, 7:20కి పేల్చారు. అదే సమయానికి పెద్ద ఫిరంగులు కూడా జర్మన్ల మొదటి కందకాన్ని వదిలి దాని వెనకవైపు కాల్చడం మొదలుపెట్టాయి. బంకర్లలో దాక్కున్న జర్మన్లు మెషిన్ గన్లతో పైకి రావడానికి ఆ పది నిమిషాలు సరిపోయాయి.

ఫిరంగుల సంగతి కొంచెం ఆగి చూడు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఏ నిమిషానికి ఏ గీత మీద కాల్చాలో, ఎప్పుడు ఇంకో గీతకు జరగాలో ముందే టైంటేబుల్ రాసి ఇచ్చేశారు. ముందున్న సిపాయిలు ముళ్లకంచె దగ్గరే పడిపోయినా గుండ్లు మాత్రం టైం ప్రకారం ముందుకు జరిగిపోతాయి. ఇప్పుడు చదివితే పిచ్చితనంలా కనిపిస్తుంది. కానీ "మేం ఇక్కడే ఆగిపోయాం, మళ్లీ మొదటి కందకం మీదే కాల్చండి" అని చెప్పే దారే లేనప్పుడు గడియారం తప్ప ఇంకేం నమ్ముకుంటారు?

దారి ఎందుకు లేదంటే, బ్రిటిష్ వాళ్ల వైపు టెలిఫోన్ తీగలు బాగానే ఉన్నాయి. గుండు పడినా తెగకుండా ముఖ్యమైన కేబుళ్లను ఆరడుగుల లోతున పాతిపెట్టారు. కానీ ఆ కేబుల్ తమ కందకం దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి ముందుకు దాడికి వెళ్లేవాళ్లు తీగచుట్ట మోసుకుంటూ నేల మీద పరుచుకుంటూ పోవాలి. ఆ తీగ ఫిరంగిగుండ్ల కింద కాసేపు కూడా నిలవదు. లైన్‌మన్ తెగిన కొన వెతికి కట్టి వచ్చేలోగా ఇంకోచోట తెగుతుంది. వైర్‌లెస్ లేదని కాదు, ఉంది. కానీ అప్పటి సెట్టు, బ్యాటరీలు, ఏరియల్ మోయడానికి కొంతమంది మనుషులు కావాలి, నిలబెట్టడానికి చోటు కావాలి. గుళ్ల మధ్య పరుగెత్తే కంపెనీకి అది పనికొచ్చే వస్తువు కాదు.

ఇక మిగిలింది రన్నర్. చేతికి ఎర్ర పట్టీ కట్టుకుని, చీటీ జేబులో పెట్టుకుని పరుగెత్తే సిపాయి. ముఖ్యమైన కబురైతే ఇద్దరిని పంపేవాళ్లు, ఒకే గుండుకు ఇద్దరూ పోకుండా ఎడం ఉంచి, లేదంటే వేరే వేరే దారుల్లో. చీటీలో ఎవరు రాశారు, ఏ చోటినుంచి, ఏ టైంకి అన్న మూడూ ఉండాలి. టైం లేని చీటీ ఎందుకూ పనికిరాదు. "కుడివైపు కందకం పట్టుకున్నాం" అని ఉంటుంది. అది ఇప్పటి మాటా, గంట కిందటి మాటా? గాయపడ్డవాళ్లతో నిండిపోయిన కందకాల్లో కిలోమీటరు దూరానికి గంట పట్టడం వింతేమీ కాదు. రన్నర్ బతికి చేరినా అతను తెచ్చేది అప్పటికే పాతబడిన కబురు. చేరకపోతే ఆ సంగతి కూడా ఎవరికీ తెలియదు. నాకు ఈ మాట మీదే ఎక్కువ బాధ. ఆ మనుషుల ధైర్యంలో లోపమేమీ లేదు, వాళ్లకు అప్పగించిన పనే కాళ్లతో అయ్యేది కాదు.

అందుకే కంటికి కనిపించే గుర్తులు పెట్టుకున్నారు. 29వ డివిజన్ వాళ్లు వెనకనుంచి తమవాళ్లు ఎక్కడున్నారో కనబడాలని వీపున తళతళలాడే రేకు త్రికోణాలు తగిలించుకున్నారు. అనుకున్న చోటు చేరితే వెలుగు చిమ్మే తెల్ల ఫ్లేర్ ఆకాశంలోకి పేల్చాలని అనుకున్నారు. తర్వాత నిజంగానే జర్మన్ల వైపు తెల్ల ఫ్లేర్లు లేచాయి. డివిజన్ కమాండర్ డి లైల్ వాటిని చూసి 87వ బ్రిగేడ్ వాళ్లు లోపలికి చేరారనుకున్నాడు. ఎదురుగా ఉన్న జర్మన్లు మాత్రం తమ ఫిరంగిగుండ్లు తమ దగ్గరే పడుతున్నాయని చెప్పుకోవడానికి తెల్ల ఫ్లేరే వాడేవారు. వీళ్లకు గెలుపు గుర్తు, వాళ్లకు ఫిర్యాదు, రంగు మాత్రం ఒకటే.

88వ బ్రిగేడ్‌లోని న్యూఫౌండ్‌లాండ్ రెజిమెంట్‌కు 8:45 ప్రాంతంలో ముందుకు పొమ్మని ఆర్డర్ వచ్చింది. వాళ్ల కర్నల్ హాడో, శత్రువు మొదటి కందకం మన చేతికొచ్చిందా అని అడిగాడు. పరిస్థితి ఇంకా తేలలేదని జవాబు. ఈ ప్రశ్న, జవాబు సెమినార్‌లో తప్పకుండా చెప్పు. వెనక్కి తిరిగి అడగడానికి హాడోకు బ్రిగేడ్ ఉంది. బ్రిగేడ్‌కు మాత్రం ముందుకు తిరిగి అడగడానికి ఎవరూ లేరు. ముందుకు వెళ్లే కందకాలు శవాలతో, గాయపడ్డవాళ్లతో మూసుకుపోయాయి. దాంతో న్యూఫౌండ్‌లాండ్ వాళ్లు 9:15కి తమ ముందు కందకానికి కూడా వెనకనున్న చోటినుంచే నేల మీదికెక్కి నడిచారు. పక్కన రావలసిన ఎసెక్స్ బెటాలియన్ కందకాల్లో చిక్కుకుని ఆలస్యమైంది. సుమారు 800 మంది వెళ్లారు. అరగంటలోపే అయిపోయింది. మర్నాడు హాజరు పిలిస్తే 68 మంది పలికారు.

జెండాలు ఏమయ్యాయని నువ్వు అడుగుతావు. జెండాలు చాలా మంచి సాధనం, ఒక షరతు మీద. మన నౌపడా బండి గార్డు పచ్చజెండా ఊపితే డ్రైవరు చూసి బండి కదిలిస్తాడు, ఎందుకంటే ఇద్దరికీ మధ్య అడ్డం లేదు, గార్డు మీద ఎవడూ కాల్చడం లేదు. అమెరికా అంతర్యుద్ధంలో 1861 జూలై 21న బుల్ రన్ దగ్గర ఇలాంటి వీలే దొరికింది. దక్షిణ రాష్ట్రాల సైన్యంలోని అలెగ్జాండర్ అనే అధికారి యుద్ధానికి ముందే ఒకదానికొకటి కనబడే మిట్టలు ఎంచి జెండా స్టేషన్లు పెట్టించాడు. ఆ ఉదయం తన మిట్ట మీదినుంచి చూస్తుంటే మైళ్ల దూరంలో ఇత్తడి ఫిరంగి ఎండకు మెరిసింది. శత్రువు చుట్టు తిరిగి ఎడమవైపునుంచి వస్తున్నాడని గ్రహించి, రాతివంతెన దగ్గరున్న తమ కమాండర్ ఎవాన్స్‌కు జెండా ఊపించి చెప్పాడు. ఎవాన్స్ కొద్దిమందిని వంతెన దగ్గర వదిలి, మిగతా బలగాన్ని అటు తిప్పి, సాయం వచ్చేదాకా శత్రువును ఆపగలిగాడు. ఒకే జెండాను కుడికీ ఎడమకీ ఊపి అక్షరాలు చెప్పే పద్ధతి అది. అక్కడ జెండా పట్టుకున్నవాడు తుపాకి దూరానికి అవతల ఉన్నాడు. బోమాన్ హామెల్ ముందు అదే మనిషి లేచి నిలబడి జెండా ఊపాలంటే, శత్రువు మెషిన్ గన్‌కు గురి తనే చూపించినట్టు. బ్రిటిష్ సిగ్నలర్ల దగ్గర చీకటి నేపథ్యానికి తెల్లజెండా, వెలుగు నేపథ్యానికి నీలంజెండా ఉండేవి. పొగ నేపథ్యానికి ఏ జెండా ఉంటుంది?

ఇక రేడియో. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్లు ఎస్‌సీఆర్-300 అనే సెట్టు తెచ్చారు. వాకీటాకీ అన్న పేరు మొదట దీనికే బాగా అంటుకుంది. ఒక్క మనిషి వీపున మోసే బరువు, సుమారు 15 కిలోలు. అడ్డం లేకపోతే 5 కిలోమీటర్ల దాకా మాట చేరుతుంది. ఎఫ్‌ఎం కాబట్టి గరగర తక్కువ. కంపెనీ కమాండర్ పక్కనే ఆపరేటర్ ఉంటాడు, బెటాలియన్‌తో సూటిగా మాట్లాడొచ్చు.

అందరూ దీని వేగం గురించే రాస్తారు. ఆ సంగతి నిజమే, కానీ నాకు వేగం కన్నా పెద్దదిగా కనబడేది తిరిగి అడగగలగడం. తెల్ల ఫ్లేర్‌ను "నువ్వెవరు?" అని అడగలేవు. రన్నర్‌ను అడిగితే తను బయల్దేరినప్పటి సంగతే చెబుతాడు. రేడియోలో "నీ పొజిషన్ చెప్పు, ఓవర్" అంటే ఆ నిమిషపు జవాబు వస్తుంది. అర్థం కాకపోతే "సే అగైన్". ముఖ్యమైన ఆర్డర్‌ను విన్నవాడు మళ్లీ చదివి వినిపించాలి. ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ రెండోవాడు వినాల్సిందే, అందుకే మాట చివర "ఓవర్". ఈ పద్ధతులన్నీ ట్రైనింగ్‌లో మా నోటికి పట్టేదాకా వదిలేవాళ్లు కాదు. ముందున్న ఫిరంగి అబ్జర్వర్ చేతికి రేడియో రాగానే గడియారం పెత్తనం కూడా తగ్గింది. గుండు ఎక్కడ పడిందో చూసి "ఇంకో వంద గజాలు ముందుకు", "ఆపండి, మనవాళ్లున్నారు" అని అప్పటికప్పుడు చెప్పొచ్చు. 29వ డివిజన్‌కు ఈ ఒక్క మాట చేరే దారి ఉంటే 9:15 నడక ఉండేది కాదేమో. ఇది నా అంచనా, సెమినార్‌లో అంచనాగానే చెప్పు.

అయితే రేడియో వచ్చాక కథ అయిపోయిందని రాయకు. 1944 సెప్టెంబర్ 17న హాలండ్‌లో ఆర్నెమ్ దగ్గర బ్రిటిష్ 1వ ఎయిర్‌బోర్న్ డివిజన్ దిగింది. పట్టుకోవలసిన వంతెన, వాళ్లు దిగిన చోటికి చాలా కిలోమీటర్ల దూరం. వాళ్ల చిన్న సెట్లు ఆ దూరానికి చాలలేదు, మధ్యలో అడవీ ఇళ్లూ అడ్డం. మనింటి దగ్గర ఘాట్ మలుపు తిరగ్గానే ఫోన్ ఎందుకు తెగిపోతుందో నీకు తెలుసు, ఆ తరంగాలకూ కొండా చెట్లూ అంతే అడ్డం. బ్రిగేడ్లతో మాట కలవక డివిజన్ కమాండర్ ఉర్కార్ట్ జీపెక్కి తనే వెతుక్కుంటూ వెళ్లాడు. జర్మన్ల మధ్య చిక్కుకుని ఒక ఇంటి అటక మీద దాక్కోవాల్సొచ్చింది. 19వ తేదీ ఉదయం గానీ హెడ్‌క్వార్టర్స్‌కు తిరిగి రాలేదు. ఆ మధ్య డివిజన్‌కు కమాండర్ లేనట్టే. జనరలే రన్నర్ అయిపోయాడన్నమాట.

పైగా రేడియోలో మాట మనవాడొక్కడే వినడు. అందుకే కాల్‌సైన్లు, కోడ్లు, అవతల ఉన్నది మనవాడేనా అని తేల్చుకునే ప్రశ్నాజవాబులు. మా రోజుల్లోనూ ఒకచోట కుదురుకున్నామంటే రేడియో పనిచేస్తున్నా లైన్ పరిచేవాళ్లం. ముఖ్యమైన కాగితాలు డీఆర్, అంటే డిస్పాచ్ రైడర్, మోటార్‌సైకిల్ మీద తీసుకుపోయేవాడు. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని.

సెమినార్ రోజు బోర్డు మీద నాలుగు టైంలు మాత్రం పెద్దగా రాయి: 7:20, 7:30, 8:45, 9:15. ప్రతి టైం పక్కన రెండు గడులు గియ్యి. ఒకదాంట్లో ముందు నిజంగా ఏం జరుగుతోందో, రెండోదాంట్లో డివిజన్ హెడ్‌క్వార్టర్స్‌కు ఏం తెలుసో రాయి. మూర్ఖులా కాదా అన్నది నీ క్లాసువాళ్లే తేల్చుకుంటారు. న్యూఫౌండ్‌లాండ్ అప్పటికి కెనడాలో భాగం కాదు, విడిగా ఉండేది. మ్యాప్‌లో అది తప్పు రాయకు, మీ మేడమ్ పట్టుకుంటారు. రాసింది పూర్తయ్యాక ఒకసారి పంపు, చదివి చెబుతాను.

నాన్న