నీ టిన్ ఓపెనర్ ఎందుకు జారుతోందంటే

మలక్‌పేట, హైదరాబాద్

బిడ్డా,

నీ టిన్ ఓపెనర్ బాగైంది. తమ్ముడు కొండాపూర్ వైపు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. ఫోన్‌లో "అంచు మీద జారిపోతోంది నాన్నా, చెత్తబుట్టలో పడేస్తా" అన్నావు కదా. జారడం దాని అసలు రోగం కాదు, లోపల ఇంకేదో పాడైతే పైకి కనిపించే లక్షణం. వేరేది కొన్నా కొన్నాళ్ళకు అదే తంతు అవుతుంది. అందుకే ఏం జరిగిందో వివరంగా రాస్తున్నా.

నువ్వు ఓపెనర్‌తో పాటు ఆ పైనాపిల్ డబ్బా కూడా పంపడం మంచిదైంది. నాకు సంగతంతా ఆ డబ్బా అంచే చెప్పింది. ఓపెనర్‌లో రెండు చక్రాలుంటాయి. పదునున్న చక్రం అంచుకు లోపలి పక్కన మూతలోకి దిగి కోస్తుంది. పళ్ళున్న చక్రం అంచు కింద బయటి నుంచి పట్టుకుని డబ్బాను ముందుకు లాగుతుంది. చెవి తిప్పితే నేరుగా తిరిగేది ఈ పళ్ళ చక్రమే. నీ ఓపెనర్‌లో వెనకాల రెండు చిన్న గేర్లు కూడా ఉన్నాయి, అవి ఒకదాన్నొకటి తిప్పుకుంటూ పదును చక్రాన్ని కూడా తిప్పుతాయి. కాబట్టి అంచు కింద పళ్ళ గుర్తులు చూస్తే పట్టు ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది.

నీ డబ్బా మీద మొదట్లో గుర్తులు వరుసగా, ఒకే ఎడంతో శుభ్రంగా పడ్డాయి. కాస్త దూరం పోయాక గుర్తులు పోయి, గీరినట్టు మెరిసే చారలు వచ్చాయి. పక్క అతుకు దగ్గర చిటికెన వేలంత వెడల్పున మూత అసలు తెగలేదు. పళ్ళు పూర్తిగా అరిగిపోయి ఉంటే మొదటి గుర్తులు కూడా అంత బాగా పడేవి కాదు. అంటే కొన్ని పళ్ళు పట్టుకుంటున్నాయి, కొన్నింటి సందుల్లో ఏదో కూరుకుపోయి అవి అంచులో దిగడం లేదు.

భూతద్దం పెట్టి చూస్తే అదే కనిపించింది. సందుల్లో కండెన్స్‌డ్ మిల్క్, పంచదార పాకం ఎండి గట్టిపడి ఉన్నాయి, పైన మన బోరు నీళ్ళ తెల్లమరక పేరుకుంది. గేర్ల మధ్య కూడా అంతే. గేరు బిగుసుకుంటే చెవి తిప్పడానికి చెయ్యి బలమంతా పోతుంది. అప్పుడు రెండో చేతిలో హ్యాండిళ్ళ పట్టు సడలుతుంది, పట్టు సడలితే చక్రాల మధ్య సందు పెరుగుతుంది. పళ్ళు అంచు ఎక్కి దాటిపోతాయి. నువ్వేమో ఇంకా గట్టిగా తిప్పావు, అది ఇంకా జారింది.

వేడినీళ్ళలో తెల్ల వెనిగర్ కలిపి చక్రాల వైపు అరగంట నానబెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సందుల్లోని గట్టి ముక్కలను సూదితో తీశాను. ప్లయర్‌తో చెవిని బలవంతంగా తిప్పకూడదు, దానివల్ల చెవి రివెట్ వంగిపోతుంది, ఇక ఓపెనర్ పనికిరాదు. నానితే అదే వదులుతుంది. తర్వాత మామూలు నీళ్ళతో కడిగి, తుడిచి, ఎండలో పెట్టాను. ఆరాక గేరు ఇరుసులకు ఒక్కో చుక్క లిక్విడ్ పారఫిన్ వేశాను, మందుల షాపులో దొరుకుతుంది. వేరుశనగ నూనె వేయకు, కొన్నాళ్ళకు అది జిగటై మళ్ళీ పట్టేస్తుంది. కుట్టు మిషను ఆయిల్ కూడా వద్దు, తిండికి తగిలే చోటు.

ఇంత చేసినా ఇంట్లో ఉన్న స్వీట్‌కార్న్ డబ్బా మీద పెడితే చెవి తేలిగ్గా తిరిగింది కానీ కోత సరిగ్గా దిగలేదు. ఇక్కడే మూడో సంగతి బయటపడింది. పదును చక్రాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి నెమ్మదిగా తిప్పాను. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, గీతలా కూడా కనిపించదు. నీ చక్రం అంచు మీద సన్నటి తెల్ల గీత మెరుస్తూ ఉంది, ఒకచోట చిన్న గంటు కూడా. మొద్దు చక్రం మూతలో దిగాలంటే ఎక్కువ ఒత్తిడి కావాలి. ఆ భారమంతా పళ్ళ మీద పడి అవి జారతాయి. గేరు శుభ్రం చేసినా జారుడు ఆగలేదంటే అనుమానించాల్సింది ఈ చక్రాన్నే.

నీ దానికి చక్రం స్క్రూతో బిగించి ఉంది కాబట్టి బతికిపోయింది. విప్పి, ఒక బోల్టుకు బిగించి, డ్రిల్లులో నెమ్మదిగా తిప్పుతూ సన్నరకం సానరాయికి ఏటవాలు వైపు మాత్రం ఆనించాను. ఏటవాలు కోణం మారకూడదు. చదును వైపు వచ్చిన సన్నటి ముళ్ళలాంటి అంచును రాయి మీద ఒకసారి పడుకోబెట్టి రుద్ది తీసేశాను. గంటు పూర్తిగా పోలేదు, పోయేదాకా అరగదీస్తే చక్రం వ్యాసం తగ్గి సందు పెరుగుతుంది, అందుకే ఆపేశాను. చాలా ఓపెనర్లకు చక్రం రివెట్‌తో బిగించి ఉంటుంది. వాటిని సాన పట్టడం వృథా, కొత్తది కొనుక్కోవడమే నయం.

మళ్ళీ బిగించాక హ్యాండిళ్ళు పూర్తిగా మూసి వెలుతురుకు పట్టి చూశాను. రెండు చక్రాల మధ్య కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. వేలితో చక్రాన్ని అటూ ఇటూ ఊపితే కదలకూడదు. నీ దానికి చక్రం గట్టిగానే ఉంది. కదిలితే పదును ఎంతున్నా లాభం లేదు, కోసేటప్పుడు చక్రం పక్కకు తప్పుకుంటుంది.

పక్క అతుకు సంగతి నువ్వు బాగా గుర్తు పెట్టుకోవాలి. డబ్బా అంచు ఒక్క రేకు కాదు, మూత, ఒళ్ళు కలిపి మడిచిన ఐదు పొరల మడత. పక్క అతుకు ఉన్న చోట ఇంకా మందంగా ఉంటుంది. అతుకుకు దూరంగా మొదలుపెట్టు. చక్రం మూతలో "టక్" మని దిగేదాకా హ్యాండిళ్ళు నొక్కు, ఆ తర్వాతే చెవి తిప్పు. అతుకు దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గించి గట్టిగా పట్టుకో. దాటాక మళ్ళీ మామూలుగా తిప్పొచ్చు. సగం తెగని చోటును కత్తితో ఎత్తకు. నువ్వు చేసింది అదే, మూత ముక్క పైకి లేచి వేలు తెగకుండా బయటపడ్డావు, నాకు ఇప్పటికీ భయమే. జారిన చోట సన్నటి రేకు పోగులు రాలతాయి కూడా. పాకంలో మెరిసే పోగు కనిపిస్తే ఆ డబ్బా తినొద్దు. ఉబ్బినదైనా, అంచు మడత లోతుగా నొక్కుకుపోయినదైనా అసలు తెరవనే వద్దు.

వాడిన ప్రతిసారీ కడిగి తుడిచి పెట్టు. పాకం తడిగా ఉన్నప్పుడే పోతుంది, రాత్రికి ఎండితే పళ్ళలో రాయి అవుతుంది.

ఇది మళ్ళీ జారితే వెంటనే బయట పారేయకు. అంచు కింద పళ్ళ గుర్తులు కనబడేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. గుర్తులు శుభ్రంగా ఉండి కోత లేకపోతే చక్రం మొద్దుబారింది, గీరిన చారలుంటే పళ్ళలో మురికి ఉంది. నిజంగానే కొనాల్సి వస్తే బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణాల్లో మనిద్దరం చూద్దాం. చక్రం స్క్రూతో బిగించినదే తీసుకుందాం.

అమ్మ అడుగుతోంది, ఆదివారం వస్తావా అని.

ప్రేమతో,
నాన్న