‘ఎప్పుడు మొదలైందో’ చెబుతారా

కార్క్, ఐర్లండ్
ఆదివారం సాయంత్రం

ప్రియమైన సుధకు,

ఇంగ్లీషు పరీక్షకు సాధనగా నువ్వు నర్సులా మాట్లాడి పంపిన రికార్డింగు రెండుసార్లు విన్నాను. నీ స్నేహితురాలు కడుపునొప్పితో వచ్చిన రోగిలా చాలా బాగా మాట్లాడింది. నీ గొంతులో తొందర తగ్గింది, ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి వింటున్నావు. ఒక్క విషయం మాత్రం నన్ను ఆపేసింది. నువ్వు మర్యాదగా అడిగిన దాదాపు ప్రతిచోటా ఒకే తప్పు దొర్లింది. ఫోనులో చెబితే మాట మీద మాట పడి సగం పోతుంది. కాగితం మీద ఉంటే పక్కన పెట్టుకుని సాధన చేస్తావని రాస్తున్నాను.

నువ్వు అడిగిన మొదటి ప్రశ్న ఇది: ‘కుడ్ యూ టెల్ మి వెన్ డిడ్ ద పెయిన్ స్టార్టెడ్?’ ఉండాల్సింది ఇది: ‘కుడ్ యూ టెల్ మి వెన్ ద పెయిన్ స్టార్టెడ్?’ రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాసుకుని చూడు. తేడా అంతా ‘డిడ్’ అనే ఒక్క మాటలో ఉంది.

ఇంగ్లీషులో మామూలు వాక్యంలో కర్త ముందు, క్రియ తర్వాత వస్తాయి. ‘ద పెయిన్ ఈజ్ హియర్.’ దాన్ని నేరుగా ప్రశ్నగా మారిస్తే క్రియ కర్తకు ముందుకు దూకుతుంది: ‘వేర్ ఈజ్ ద పెయిన్?’ ఈ దూకడమే అక్కడ ప్రశ్నకు గుర్తు. ఇక ‘కుడ్ యూ టెల్ మి’ని చూడు. ‘యూ కుడ్’ అనేది తిరగబడి ‘కుడ్ యూ’ అయింది. అంటే వాక్యం మొదట్లోనే ఆ దూకుడు జరిగిపోయింది, అడుగుతున్నామని వినేవాళ్లకు తెలిసిపోయింది. లోపల మిగిలిన ముక్కకు మళ్లీ దూకే పని లేదు. అది మామూలు వరసలో కూర్చుంటుంది: ‘కుడ్ యూ టెల్ మి వేర్ ద పెయిన్ ఈజ్?’ ‘డు యూ నో’ అన్నా, ‘కెన్ ఐ ఆస్క్’ అన్నా ఇదే లెక్క. ‘ఐ వుడ్ లైక్ టు నో’ అని మొదలుపెడితే అసలు దూకుడే ఉండదు, రాసేటప్పుడు చివర ప్రశ్నార్థకం కూడా పెట్టరు. లోపలి వరస మాత్రం అక్కడా మామూలుదే.

మనం ఈ తప్పు ఎందుకు చేస్తామా అని నేను చాలా ఆలోచించాను. తెలుగులో ప్రశ్న అడగడానికి మాటల వరస మార్చం కదా. ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’ అంటాం. అదే మర్యాదగా అడగాలంటే ‘నొప్పి ఎప్పుడు మొదలైందో చెబుతారా?’ అంటాం. వరస అలాగే ఉంది, క్రియ చివర ఒక ‘ఓ’ చేరింది, అంతే. ఆ ‘ఓ’ చేసే పనినే ఇంగ్లీషులో మామూలు వరస చేస్తుంది. అందుకే నేను పెట్టుకున్న గుర్తు ఇది: మనసులో తెలుగు వాక్యం ‘ఓ’తో వస్తే, ఇంగ్లీషులో కర్త ముందు, క్రియ వెనుక. ‘ఎక్కడ ఉందో’, ‘ఎన్ని మాత్రలు వేసుకున్నారో’, ‘ఎవరితో ఉంటున్నారో’. ఈ ‘ఓ’ వినిపించగానే ‘డిడ్’, ‘డజ్’, ‘డు’లను వదిలెయ్.

అయితే మనకు ఇంకో దారి కూడా ఉంది, చిక్కంతా అక్కడినుంచే వస్తుందని నా నమ్మకం. ‘నొప్పి ఎప్పుడు మొదలైంది అని అడిగాను’ అంటాం. ‘అని’ వచ్చినప్పుడు ప్రశ్నను ఉన్నదున్నట్టు, మార్పేమీ లేకుండా ఎత్తి పెట్టేస్తాం. ఆ అలవాటు ఇంగ్లీషులోకి వెళితే ‘ఐ ఆస్క్‌డ్ హర్ వెన్ డిడ్ ద పెయిన్ స్టార్ట్’ అవుతుంది. మనకు సహజంగా తోస్తుంది, ఎందుకంటే మన ‘అని’ అక్కడ కనిపించకుండా కూర్చుని ఉంటుంది. ఇలా ప్రశ్నను ఎత్తి పెట్టే ‘అని’కి సరిపోయే మాట ఇంగ్లీషులో లేదు. కాబట్టి నువ్వు ‘అని’ అనుకున్న చోట కూడా దాన్ని ‘ఓ’గా మార్చుకుని, అప్పుడు ఇంగ్లీషులోకి వెళ్లు. ‘ఎప్పుడు మొదలైందో అడిగాను’. అప్పుడు ‘ఐ ఆస్క్‌డ్ హర్ వెన్ ద పెయిన్ స్టార్టెడ్’ దానంతట అదే వస్తుంది. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు రోగి గురించి చెప్పే మాటల్లో ఇలాంటివి చాలా వస్తాయి.

ఇప్పుడు ‘డిడ్’ సంగతి. ‘వెన్ డిడ్ ద పెయిన్ స్టార్ట్?’ అన్నప్పుడు జరిగిపోయిన కాలం ‘డిడ్’లో ఉంటుంది, ‘స్టార్ట్’ ఖాళీగా ఉంటుంది. ‘డిడ్’ను తీసేస్తే ఆ కాలం ఎక్కడికో పోకూడదు, తిరిగి క్రియ మీదికి రావాలి. అందుకే ‘స్టార్టెడ్’. నువ్వు రెండూ ఉంచావు. ‘డజ్’ విషయంలోనూ ఇంతే. ‘హౌ ఆఫెన్ డజ్ ఇట్ హర్ట్?’ అన్నదాంట్లో ‘డజ్’ వెళ్లిపోతే దాని చివరి ‘స్’ వచ్చి క్రియకు అంటుకుంటుంది: ‘కుడ్ యూ టెల్ మి హౌ ఆఫెన్ ఇట్ హర్ట్స్?’ సాధన చేసేటప్పుడు తీసేసిన మాట మోస్తున్న బరువు క్రియ మీదికి చేరిందా లేదా అని ప్రతిసారీ చూసుకో.

నీ రికార్డింగులో మూడో నిమిషంలో ‘కుడ్ యూ టెల్ మి హౌ ద పెయిన్ ఈజ్ బ్యాడ్?’ అన్నావు. అక్కడ వరస మార్చాలని నీకు గుర్తొచ్చింది, అది నాకు వినిపించింది, సంతోషించాను కూడా. కాని ‘హౌ బ్యాడ్’ ఒక ముద్ద, దాన్ని విడదీయకూడదు. మొదటి ప్రశ్నలో కలిసి ఉన్న మాటలు లోపలికి వెళ్లినా కలిసే వెళతాయి: ‘కుడ్ యూ టెల్ మి హౌ బ్యాడ్ ద పెయిన్ ఈజ్?’ ‘హౌ మెనీ ట్యాబ్లెట్స్’, ‘వాట్ టైమ్’ కూడా అలాంటివే. ఇక్కడే ఇంకో మాట. చివర మిగిలే ఆ ‘ఈజ్’ను పూర్తిగా పలకాలి. ‘వేర్ ఇట్స్’ అని కుదించి వాక్యం ఆపకూడదు, ‘వేర్ ఇట్ ఈజ్’ అనాలి.

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నల్లో ఎప్పుడు, ఎక్కడ లాంటి మాట ఉండదు. ‘హావ్ యూ ఎనీ అలర్జీస్?’ దాన్ని లోపలికి తీసుకెళ్లాలంటే ఒక గుమ్మం కావాలి, అది ‘ఇఫ్’ గాని ‘వెదర్’ గాని. ‘కుడ్ యూ టెల్ మి ఇఫ్ యూ హావ్ ఎనీ అలర్జీస్?’ మన ‘ఉందో లేదో’ సరిగ్గా ఇదే. ఇక ‘హూ బ్రాట్ యూ హియర్?’ లాంటి ప్రశ్నలో ‘హూ’యే కర్త. అక్కడ ముందే మామూలు వరస ఉంది కాబట్టి ఏమీ కదపనక్కర్లేదు. చాలామంది నియమం నేర్చుకున్న ఉత్సాహంలో దీన్నీ కదిపి పాడుచేస్తారు.

ఇంత చెప్పి ఒక విషయం దాచడం న్యాయం కాదు. నువ్వు ఇక్కడికి వచ్చాక, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాళ్లు ‘షి ఆస్క్‌డ్ మి వాజ్ ఐ టైర్డ్’ అనడం వింటావు. ‘ఐ వండర్ విల్ ఇట్ రెయిన్’ అని మా వార్డులో రోజూ ఎవరో ఒకరు అంటారు. వచ్చిన కొత్తలో నేను నేర్చుకున్నదంతా తప్పేమోనని కలవరపడ్డాను. అది తప్పు కాదు, ఇక్కడి ఇంగ్లీషు తీరు. ఐరిష్ భాషలో ప్రశ్నను వాక్యం లోపల పెట్టినా దాని రూపం మారదు, ఆ పోకడ ఇక్కడి ఇంగ్లీషులో నిలిచిపోయిందంటారు. మన ‘అని’కి దగ్గర చుట్టం అనుకో. నాకు ఆ మాటతీరు వింటే ఎంతో ఆత్మీయంగా ఉంటుంది. అయినా నీ పరీక్షలో వ్యాకరణానికి మార్కులున్నాయి, అక్కడ పుస్తకాల్లో ఉండే వరసే వాడు.

మర్యాద అంటే ఎప్పుడూ పొడవాటి ప్రశ్నే అనుకోకు. పోయిన నెల మా వార్డులో తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన ఉండేవారు. వయసు 80 దాటింది, వినికిడి తక్కువ. రాత్రి రెండు గంటలకు ఆయన పక్కన నిలబడి ‘కుడ్ యూ టెల్ మి ఇఫ్ యూ హావ్ ఎనీ పెయిన్?’ అన్నాను. ఆయన నా పెదవుల వంకే చూస్తూ ఉండిపోయారు. ‘టెల్ మి’ దాకా విన్నట్టున్నారు, ఏం చెప్పాలో అందలేదు. మంచం పక్కన వంగి, ఆయన కళ్లకు ఎదురుగా నా ముఖం పెట్టి ‘ఎనీ పెయిన్?’ అన్నాను. దుప్పటి మీదున్న చేయి మెల్లగా జరిగి తుంటి మీదికి వెళ్లింది. నొప్పి బాగా ఉన్నవాళ్లను, అయోమయంలో ఉన్నవాళ్లను, చెవి సరిగా వినపడనివాళ్లను నేరుగా, పొట్టిగా అడగాలి. అక్కడ మర్యాద గొంతులోనూ చూపులోనూ ఉండాలి. ‘కుడ్ యూ టెల్ మి’ లాంటి పరోక్ష ప్రశ్న సంభాషణ మొదట్లో, ఇంటి విషయాలో, మద్యం తాగే అలవాటో, చెప్పడానికి ఇబ్బందిపడే సంగతులో అడిగేటప్పుడు పనికొస్తుంది. నీ ఐదు నిమిషాల సంభాషణలో అలాంటివి మూడు నాలుగు చాలు, మిగతావి నేరుగానే అడుగు. అన్నిటికీ ‘కుడ్ యూ టెల్ మి’ తగిలిస్తే విచారణలా వినిపిస్తుంది.

సాధనకు నేను చేసిన పద్ధతి రాస్తాను. రోజుకు ఆరు ప్రశ్నలు నేరుగా రాసుకునేదాన్ని. ప్రతి దాని పక్కన తెలుగులో ‘ఓ’ పెట్టి రాసి, దాని పక్కన ఇంగ్లీషు పరోక్ష ప్రశ్న రాసేదాన్ని. తర్వాత కాగితం మూసి, గట్టిగా పలికి రికార్డు చేసి వినేదాన్ని. రాసినప్పుడు రాని తప్పు నోట్లో వస్తుంది, ముఖ్యంగా ‘డిడ్’. దొర్లినప్పుడు ఆ ఒక్క మాటే దిద్దకుండా మొత్తం వాక్యం మొదటినుంచి మళ్లీ చెప్పు. నాలుకకు వరస అలవాటు కావాలి.

వచ్చే ఆదివారానికి కొత్త రికార్డింగు పంపు. ఈసారి రోగి గుండెదడతో వచ్చినట్టు పెట్టుకోండి. నాన్నగారి కంటి ఆపరేషన్ ఏ తేదీన పెట్టారో, అమ్మ మోకాలికి కొత్త మందు పడుతోందో లేదో, పెద్దమ్మ హైదరాబాదు నుంచి ఎప్పుడు తిరిగి వస్తుందో అన్నీ వివరంగా రాయి.

ప్రేమతో,
నీ అక్క