చుండ్రును చూపించి బట్టతల భయం పెట్టకండి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో "చుండ్రు వస్తే జుట్టంతా ఊడుతుంది" అని అంత లావు అక్షరాలతో వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నా గానీ, మా వీధిలో ఆడపిల్లలు ఆ పేపరు పట్టుకుని కంగారు పడుతుంటే రాయక తప్పలేదు.

చుండ్రు పొట్టు వెంట్రుక కుదురును చంపదండీ. మలసీజియా అనే ఫంగస్ అందరి నెత్తి మీదా ఉండేదే. అది నెత్తిలో ఊరే జిడ్డును తిని ఒలీయిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది పడని వాళ్లకు మంట, దురద, పొట్టు. గోళ్లతో, దువ్వెనతో గీకేకొద్దీ వెంట్రుక మధ్యలో తెగుతుంది. మంట నెలల తరబడి ఉంటే కొన్ని వెంట్రుకలు టైం కాకముందే రాలతాయి కూడా. కానీ కుదురు చెడదు కాబట్టి మంట తగ్గితే మళ్లీ మొలుస్తాయి. ఇంత ముఖ్యమైన మాట మీరు ఒక్క వాక్యమైనా రాయలేదు.

డిగ్రీ చదివే మా అమ్మాయి దువ్వెనకు వచ్చిన జుట్టును నల్లగుడ్డ మీద పరిచి చూశాం. వేరుతో రాలిన వెంట్రుకకు ఒక కొసన తెల్లటి చిన్న బుడిపె ఉంటుంది. మాకు కనిపించినవి ఎక్కువగా బుడిపె లేని పొట్టి ముక్కలే, అదీ తను ఎప్పుడూ గీక్కునే చెవుల వెనక నుంచి వచ్చినవే. చర్మ డాక్టరు రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. నెత్తికి పట్టించి ఐదు నిమిషాలు ఉంచాకే కడగాలి, వెంటనే కడిగేస్తే పని చెయ్యదన్నారు. రాత్రంతా నూనె పెట్టుకుని పడుకోవడం మాన్పించారు, ఆ ఫంగస్‌కు నూనెలోని కొవ్వులే తిండి కాబట్టి. ముందు దురద పోయింది, తర్వాత ముక్కలు తగ్గాయి.

పాపిట వెడల్పయితే, నుదురు పైకి జరిగితే అది వంశపారంపర్యం. డెంగీ జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకు కుచ్చులుగా ఊడితే దాని కారణం వేరు. చిన్నపిల్లలకు రూపాయి బిళ్లంత మచ్చలో జుట్టు తెగి పొట్టు లేస్తే అది తామర కావచ్చు, దానికి మాత్రలే వాడాలి, షాంపూతో పోదు. వీటన్నిటినీ చుండ్రు ఖాతాలో వేస్తే అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమవుతుంది కదా!

ఇక అధికారుల సంగతి. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె జాబితాలో బట్టతల ఉంది, దాన్ని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. అయినా మా అనంతపురంలో గోడల మీద, బస్సుల వెనక అవే ప్రకటనలు. మందుల దుకాణంలో చుండ్రు అంటే చాలు, డాక్టరు చీటీ అడగకుండా స్టెరాయిడ్ లోషన్ చేతిలో పెడతారు. దాంతో దురద ఒక వారం అణిగి మళ్లీ లేస్తుంది. తనిఖీ చేసేవాళ్లు ఏం చూస్తున్నారో అర్థం కాదు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే లావు అక్షరాలతో సవరణ వెయ్యండి, చర్మ వైద్యుల చేత రాయించి.

— ఒక పాఠకుడు, అనంతపురం