రివ్యూ మీటింగ్ అజెండా గురించి మామకి ఉత్తరం

ఒరేయ్ మామా,

నీ ఫోన్ కట్ అయిపోయాక మళ్ళీ చేద్దామనుకున్నాను కానీ ఇది ఫోన్‌లో చెప్తే అర్థమయ్యే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్ నెలవారీ రివ్యూకి అజెండా తయారుచేసే పని నీ నెత్తిన పడిందన్నావు. నాకు పడి ఏడాదిన్నర అయింది. మా బిస్కెట్ ఫ్యాక్టరీలో ఆ పని "ఖాళీగా ఉన్నవాడికి" ఇస్తారు, అంటే ప్లానింగ్ వాడికి. నేను ఖాళీగా ఎప్పుడున్నానో ఆ దేవుడికే తెలియాలి.

నేను చేతిలోకి తీసుకున్నప్పుడు పాత అజెండాలో పదకొండు అంశాలుండేవి. అన్నీ రెండేసి మాటలే: "బ్రేక్‌డౌన్లు", "స్పేర్లు", "సేఫ్టీ". చివర్లో "ఇతర విషయాలు". గంటన్నర అని మొదలుపెట్టిన మీటింగ్ రెండున్నర గంటలు సాగేది. అందులో నలభై నిమిషాలు ఆ ఇతర విషయాలే మింగేసేవి, ఎక్కువగా క్యాంటీన్ సాంబారు గురించి. అసలు డబ్బు ఖర్చుపెట్టాల్సిన సంగతి వచ్చేసరికి ప్రొడక్షన్ మేనేజర్ లేచి వెళ్ళిపోయి ఉండేవాడు. "వచ్చే నెల చూద్దాం" అనేవారు. ఆ మాట వరసగా మూడు నెలలు విన్నాను.

అందుకని మొట్టమొదట అంశాల పేర్లు మానేసి ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాను. "ప్యాకింగ్ లైన్ 2 బ్రేక్‌డౌన్లు" అని రాస్తే ఎవడైనా అరగంట మాట్లాడగలడు. "లైన్ 2 సీలింగ్ జా సెట్లు రెండూ కొత్తవి కొనాలా, ఒకటి కొని రెండోదాన్ని రిపేర్ చేయించాలా?" అని రాస్తే ఏదో ఒకటి తేల్చకుండా లేవలేరు. సీలింగ్ జా అంటే ప్యాకెట్‌ని వేడితో నొక్కి అతికించే దవడలే. తేల్చాల్సిందేమీ లేదనుకున్న అంశాన్ని అజెండాలోంచి తీసేసి కాగితం మీదికి పంపేశాను. పదకొండులో మూడే మిగిలాయి!

ఇక టైమ్ సంగతి. అందరూ చేసే తప్పు ఏంటంటే, మాట్లాడేవాడికి ఎంత కావాలో అంతే రాస్తారు. లైన్ 2కి నేను 25 నిమిషాలు ఇచ్చాను: చెప్పడానికి 8, వాదించుకోవడానికి 12, ఏం తేలిందో, ఎవరు ఎప్పటికి చేస్తారో రాసుకుని గట్టిగా చదవడానికి 5. ఆ చివరి అయిదు లేకపోతే మర్నాడు ఎవరి జ్ఞాపకం వాళ్ళది.

పోయిన నెల అజెండా ఇలా కూర్చాను. 10:30కి సేఫ్టీ 5 నిమిషాలు, కాగితాలు చదువుకోవడానికి 5, పాత పనుల్లో గడువు దాటినవి మాత్రమే 10. 10:50 నుంచి లైన్ 2. 11:15కి వచ్చే నెల షట్‌డౌన్ ఏ రోజుల్లో అన్నది, 15 నిమిషాలు. 11:30కి స్పేర్లు, 20. చివరి పది నిమిషాలు ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కడో ఒకచోట టైమ్ దాటుతుంది కదా, ఆ దాటినదానికి అది. షట్‌డౌన్‌ని ముందుకి లాగడానికి కారణం ప్రొడక్షన్ మేనేజర్‌కి 11:30కి డిస్పాచ్ వాళ్ళతో కాల్ ఉంటుంది. ఆయన లేకుండా తేదీలు పెట్టుకుని లాభం లేదు. పర్చేజ్ అతన్ని 11:30కే రమ్మన్నాను. మునుపు పాపం గంటసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు.

ఎవరు చెప్పాలన్న దగ్గర నాకు మా సార్‌తో చిన్న గొడవైంది. అన్నీ ఆయనే చెప్పేవాడు. లైన్ 2 గురించి షిఫ్ట్ ఇంజినీర్ చేత చెప్పిద్దామన్నాను. "వాడికి మాట్లాడటం రాదయ్యా" అన్నాడు. మాట్లాడటం రాకపోయినా, రాత్రి రెండింటికి ఆ జా విప్పింది వాడే కదా. పేరు రాసేముందు వాణ్ణి అడిగి ఒప్పించుకున్నాను. ఈ అడగడం మర్చిపోకు. అజెండాలో తన పేరు చూసుకుని ఉలిక్కిపడ్డవాడు ఆ రోజు లీవ్ పెడతాడు.

ఇప్పుడు అసలు కష్టం: ముందుగా పంపే కాగితాలు. అక్కడే నాకు దెబ్బ తగిలింది, కాస్త వివరంగా రాస్తాను. మొదటి నెల లైన్ 2 ఆగిన సమయం మా లెక్కలో 19 గంటలు అని పంపాను. మీటింగ్‌లో ప్రొడక్షన్ వాళ్ళు 27 అన్నారు. ఇరవై నిమిషాలు "మీ లెక్క తప్పు, కాదు మీదే తప్పు" అనుకోవడంతో సరిపోయింది. తర్వాత రెండు లాగ్‌బుక్కులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఇద్దరిదీ రైటే! మేము ఫిట్టర్ స్పానర్ పట్టుకున్నప్పటినుంచి రిపేరు అయిందాకా లెక్కేస్తాం. వాళ్ళు మెషిన్ ఆగినప్పటినుంచి మొదటి మంచి ప్యాకెట్ వచ్చిందాకా. మధ్యలో ఫిట్టర్ వచ్చేసరికి 3 గంటలు, రిపేరయ్యాక ట్రయల్‌కి 5 గంటలు. ఆ 5 గంటల్లో ఏం జరిగిందని తవ్వితే, జా మార్చిన ప్రతిసారీ సీలింగ్ టెంపరేచర్ ఎంతో ఎవరికీ గుర్తులేక, అంతా అందాజాగా తిప్పుతున్నారు. ఒకసారి సీలు ఊడిపోతుంది, ఒకసారి ఫిల్మ్ కాలిపోతుంది. ఏ ఫిల్మ్‌కి ఎంత పెట్టాలో ఒక కార్డు రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించమని తర్వాతి రివ్యూలో తేల్చారు. ఆ రెండు లెక్కలూ పక్కన పెట్టి చూడకపోతే ఆ 5 గంటలు ఎవరి కంటా పడేవి కావు.

అందుకని ఇప్పుడు మా తేదీలు ఇలా ఉంటాయి. 3వ తేదీకి నెల లెక్కలు మూసేస్తాం. 5న నేనూ ప్రొడక్షన్ క్లర్కూ కూర్చుని గంటలు సరిచూసుకుంటాం, ఎక్కడినుంచి ఎక్కడిదాకా లెక్కో కాగితం కింద ఒక లైను రాస్తాం. 6వ తేదీ సాయంత్రానికి చెప్పేవాళ్ళ కాగితాలు నా చేతికి, 7న అందరికీ, 10న మీటింగ్. 6 దాటాక వచ్చిన కొత్త అంశం వచ్చే నెలకే. మా సార్‌దైనా సరే. (ఆయనది రెండుసార్లు ఒప్పుకున్నాను, ఉద్యోగం ముఖ్యం కదరా.)

ఒక్కో అంశానికి ఒకే పేజీ. పైన ఆ ప్రశ్న, కింద రెండు దారులు, ఖర్చు, చెప్పేవాడు ఏది మేలంటున్నాడో. స్టోర్స్ ఇన్‌ఛార్జ్ మొదటిసారి 140 స్పేర్ల లిస్టు పంపాడు. స్టాకులో ఒక్కటి కూడా లేనివి, ఆర్డరిస్తే రావడానికి నాలుగు వారాలు పైన పట్టేవి మాత్రం ఉంచమని తిప్పి పంపాను. ఆరు మిగిలాయి. ఆరింటి గురించి ఇరవై నిమిషాల్లో మాట్లాడొచ్చు.

అయినా సగంమంది చదవకుండానే వస్తారు, దానికి నా దగ్గర మందు లేదు. ఆ మొదట్లో చదువుకునే 5 నిమిషాలు అందుకే. మా సార్ అప్పుడు టీ తాగుతూ కిటికీలోంచి చూస్తుంటాడు. టైమ్ చూసే పని ట్రైనీ పిల్లాడికి ఇచ్చాను. 5 నిమిషాలు మిగిలినప్పుడు చీటీ ఎత్తి చూపిస్తాడు. మొదటిసారి చెయ్యి వణికింది వాడికి.

నీ డ్రాఫ్ట్ శనివారంలోపు పంపు, ఎర్ర పెన్ను పెట్టుకుని కూర్చుంటాను. మీ క్యాంటీన్ సాంబారు ఎలా ఉంటుందో కూడా రాయి.

ఇట్లు,
నీ ఖాళీగా ఉన్నవాడు