బాకీ అడిగే మెసేజ్‌లో ఏది మెత్తగా ఉండాలి

అంబాజీపేట

బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

కడియం నర్సరీ మావయ్య గారికి నువ్వు శుక్రవారం రాత్రి పంపిన మెసేజ్ మన షాపు వాట్సాప్‌లో చూశాను. ఫోన్లో మాట్లాడితే తిట్టినట్టు ఉంటుందని రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ మన లెక్కలు కూడా నువ్వే చూస్తున్నావు. ఇలాంటి మెసేజ్‌లు ఇక ముందు కూడా నువ్వే పంపాలి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

నువ్వు పంపింది ఇది: "సర్, బిల్లు నం. 214 కింద రూ. 52,400 బకాయి 47 రోజులు దాటింది. ఎన్నిసార్లు చెప్పినా స్పందన లేదు. 2 రోజుల్లో చెల్లించకపోతే సప్లై ఆపేస్తాం. మీకు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్, ఆదాయపన్ను మినహాయింపు పోతాయి. చట్టపరమైన చర్యలు తీసుకుంటాం."

మన డబ్బు మనం అడగాల్సిందే, అందులో నాకు ఏ మొహమాటమూ లేదు. మన కొబ్బరి పీచు మిల్లుకి డొక్క తోలినవాళ్ళకి, పనిచేసే ఆడవాళ్ళకి వారం వారం ఇవ్వకపోతే మన పని ఆగిపోతుంది. నా బాధ వేరే. ఆ మెసేజ్‌లో గట్టిగా ఉండాల్సిన అంకె తప్పింది, మెత్తగా ఉండాల్సిన మాటలేమో గట్టిగా పడ్డాయి.

ముందు అంకె సంగతి. మార్చి 12న 800 కోకోపీట్ బ్లాకులు వెళ్ళాయి. బ్లాకు 110 రూపాయలు, జీఎస్టీతో కలిపి బిల్లు 92,400. గడువు 30 రోజులు, అంటే ఏప్రిల్ 11. ఆయన 40,000 వేశారు. నువ్వు అది తీసేసి 52,400 అన్నావు. కానీ రావులపాలెం దగ్గర లోడు వానకి తడిసి 40 బ్లాకులు ఉబ్బిపోయాయి. వాటిని దించుకోకుండా అదే బండిలో తిప్పి పంపారు, చలానా వెనక ఆయన గుమాస్తా రాసి సంతకం కూడా పెట్టాడు. ఆ 40 బ్లాకులకి పన్నుతో కలిపి 4,620. దానికి మన వైపు నుంచి క్రెడిట్ నోటు ఇంకా వెళ్ళలేదు. కాబట్టి ఆయన ఇవ్వాల్సింది 47,780. ఈ వ్యాపారంలో బిల్లు ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అవతలివాళ్ళు తడిసిన సరుకు లెక్క తేలనీ అని పక్కన పెడతారు, ఆ మాట పైకి అనరు. అందుకే గుర్తుచేసే ముందు చలానాల ఫైలు, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బిల్లు నంబరు రాయకుండా వేసిన డబ్బు వేరే పేరు మీద జమైపోయిందేమో కూడా చూడాలి.

ఇక "ఎన్నిసార్లు చెప్పినా" అన్న మాట. నేను కనుక్కున్నాను. మనం ఆయనకి నేరుగా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఏప్రిల్‌లో లోడింగ్ కుర్రాడితో కబురు పంపాం, అంతే. జరగనిది రాస్తే ఆయన డబ్బు సంగతి వదిలేసి ఆ మాట పట్టుకుంటారు. పైగా నువ్వు మెసేజ్ పంపిన ఫోను ఆయన జేబులో ఉండేది కాదు, నర్సరీ కౌంటర్ మీద ఉంటుంది. గుమాస్తా చూస్తాడు, కొడుకు చూస్తాడు, మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళ ముందే చదువుతారు. మీ నాన్న ఉన్న రోజుల నుంచి మన దగ్గరే సరుకు తీసుకుంటున్న మనిషిని ఆయన పనివాళ్ళ ముందు ఎగవేతదారుని చేశాం.

ఇన్‌పుట్ క్రెడిట్, ఆదాయపన్ను మాటలు నీ స్నేహితురాలి ఆఫీసు నమూనాలోంచి తీసుకున్నావనుకుంటా. అవి ఆయనకి తగలవు. మొక్కల అమ్మకం మీద జీఎస్టీ లేదు, కాబట్టి మన దగ్గర కట్టిన పన్నుని ఆయన క్రెడిట్‌గా తీసుకునేదే ఉండదు. నర్సరీలో పెంచిన మొక్కల మీద ఆదాయాన్ని చట్టం వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది, కాబట్టి ఆ రెండో బెదిరింపు కూడా ఆయన్ని అంటదు. తగలని బెదిరింపు వేస్తే మనకి వాళ్ళ వ్యాపారం తెలియదని మనమే చెప్పుకున్నట్టు.

మనకి నిజంగా ఉన్న చట్టం వేరే. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రాతలో ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. మనకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి అది మనకి వర్తిస్తుంది. కానీ మొదటిసారి గుర్తుచేసేటప్పుడే దాన్ని బయటకి తీస్తే ఆ తర్వాత చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు. మూడోసారి రాసేటప్పుడు, అదీ షాపు లెటర్‌హెడ్ మీద, దాని చోటు దానికి ఉంటుంది.

ఆయన పరిస్థితి కూడా నీకు తెలియాలి. ఎండాకాలంలో నర్సరీలు పీట్ కొని కవర్లు నింపుకుంటాయి. మొక్కలు కదిలేది వానలు మొదలయ్యాకే. పై రాష్ట్రాల లారీలు వచ్చేదీ, రోడ్డు పక్క మొక్కలు నాటే కాంట్రాక్టర్లు డబ్బిచ్చేదీ అప్పుడే. మే నెలాఖరున ఆయన చేతిలో మొక్కలుంటాయి కానీ డబ్బుండదు. అది మనం ఊరుకోవడానికి కారణం కాదు. ఎంత అడగాలో, ఏ తేదీకి అడగాలో తేల్చుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది. మొత్తం రెండు రోజుల్లో అంటే ఆయన ఏమీ చెప్పలేరు. సగం ఇప్పుడు, సగం వానలు పడ్డాక అంటే తేదీ చెప్పగలరు.

నేనైతే ఇలా రాస్తాను, చూడు:

"మావయ్య గారూ, నమస్కారం. మార్చి 12 నాటి మా బిల్లు నం. 214 సంగతి. మొత్తం రూ. 92,400. తడిసి వెనక్కి వచ్చిన 40 బ్లాకులకి రూ. 4,620 తీసేశాం, ఆ క్రెడిట్ నోటు దీనితో పంపుతున్నాను. మీరు వేసిన రూ. 40,000 జమ అయింది. ఇక మిగిలింది రూ. 47,780, దాని గడువు ఏప్రిల్ 11. శుక్రవారం నేను పంపిన మెసేజ్‌లో లెక్క తప్పింది, మాట కూడా అలా ఉండకూడదు, మన్నించండి. ఇప్పుడు రూ. 25,000, మిగతాది జూన్ నెలాఖరుకి వేయడం మీకు వీలవుతుందా? వేరే తేదీలు అనుకూలమైతే అవే చెప్పండి. ఇప్పటికే పంపి ఉంటే యూటీఆర్ నంబరు పెట్టండి, చూసుకుంటాను. లెక్కలో ఏమైనా తేడా ఉంటే కూడా చెప్పండి. తేదీ తెలిస్తే జూన్ లోడుకి మీ బ్లాకులు పక్కన పెట్టిస్తాను."

ఇందులో అంకెలూ తేదీలూ ఒక్కటి కూడా మెత్తబడలేదు. "మీరు చెల్లించలేదు" అనకుండా బిల్లులో ఇంత మిగిలింది అన్నాను, వేలు ఆయన మీదకి కాకుండా బిల్లు మీదకి వెళ్ళింది. చివర ప్రశ్న పెట్టాను, దానికి జవాబు ఒక తేదీయే అవుతుంది. సరుకు ఆపేస్తామని అనలేదు, కానీ పాత బాకీకి తేదీ లేకుండా కొత్త లోడు కదలదని ఆయనకి అర్థమవుతుంది. వానల ముందు ఆయనకి సరుకు ఎంత అవసరమో ఆయనకే బాగా తెలుసు.

మెత్తగా రాయమన్నానని మరీ నీళ్ళు కలపకు. "మీకు వీలున్నప్పుడు చూడండి", "తొందరేమీ లేదు" అని రాస్తే మన బిల్లు అందరి బిల్లుల అడుక్కి పోతుంది. మూడుసార్లు దయచేసి అనడం, అడుగుతున్నందుకే క్షమాపణ చెప్పడం కూడా వద్దు. క్షమాపణ ఆ శుక్రవారం మెసేజ్‌కి మాత్రమే, అదీ ఒక్క వాక్యం.

ఇంకొకటి. ఆయన పద్ధతి గల మనిషి. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపరు, దీపాలు పెట్టాక డబ్బు తియ్యరు. నువ్వు శుక్రవారం రాత్రి పది గంటలకి అడిగావు. ముందు నువ్వే ఫోన్ చెయ్యి. పొద్దున్న మొక్కలకి నీళ్ళు పెట్టడం అయ్యాక, తొమ్మిదిన్నర పది మధ్య, ఆయన సొంత నంబరుకి. ఆరోగ్యం అడుగు, రెండు మాటలయ్యాక తడిసిన బ్లాకుల లెక్క సరిచేశామని చెప్పు, ఆ తర్వాత బాకీ మాట. ఫోన్ అయ్యాక ఈ మెసేజ్ కూడా ఆయన నంబరుకే పంపు, కౌంటర్ ఫోనుకి కాదు.

ఆయన తేదీ చెబితే అదే తేదీ, అదే మొత్తం రాసి తిరిగి పంపి "సరేనా మావయ్య గారూ" అని అడుగు. రాతలో "సరే" అంటే మనకి రెండు విధాల మేలు. మాట గుర్తుంటుంది, బాకీ ఉందని ఒప్పుకున్నట్టూ అవుతుంది. బాకీ కోసం కోర్టుకి వెళ్ళడానికి మామూలుగా మూడేళ్ళే గడువు. ఆ లోపు బాకీదారు రాసి సంతకంతో ఒప్పుకుంటే ఆ రోజు నుంచి గడువు కొత్తగా లెక్కకొస్తుంది. వాట్సాప్‌లో "సరే" అన్నది సంతకంగా నిలుస్తుందా అన్న పేచీ రాకుండా ఏటా మార్చి నెలాఖరున ఖాతా లెక్క కాగితం మీద పంపి సంతకం చేయించుకుందాం, ఆయనకే కాదు, అందరికీ.

"చూస్తానమ్మా" అని ఊరుకుంటే అప్పుడే కొంత మొత్తం అడుగు, పదివేలైనా సరే. ఇవ్వగలిగి ఇవ్వనివాళ్ళెవరో, నిజంగా చేతిలో లేనివాళ్ళెవరో అక్కడ తెలుస్తుంది. వారం గడిచినా ఏ కబురూ లేకపోతే నేను రావులపాలెం మీదుగా వెళ్ళి కలుస్తాను. ఆయన చెప్పిన తేదీలు రెండు దాటిపోయి, ఈలోగా వేరేచోట డబ్బిచ్చి పీట్ కొంటున్నారని తెలిస్తే అప్పుడు లెటర్‌హెడ్ మీద ఆ 45 రోజుల చట్టం రాద్దాం. అప్పటికీ మాట మర్యాదగానే ఉండాలి.

క్రెడిట్ నోటు ఈరోజే తయారుచేసి ముందు నాకు పంపు. చలానా వెనక సంతకం ఉన్న ఫోటో పెడుతున్నాను, దాని నంబరు నోటులో రాయి. నేను చూసి సరే అన్నాకే ఆయనకి ఫోన్ చెయ్యి.

వేళకి తిను.

అమ్మ