ఇచ్చేసిన రిపోర్ట్‌లో తప్పు దొరికితే

అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీలో ఇచ్చిన ఇన్సిడెంట్ రిపోర్ట్ గురించి పొద్దున ఒకరు అడిగారు. జారిపడిన పేషెంట్‌కి దెబ్బ కుడి మోచేతికి తగిలితే, రిపోర్ట్‌లో ఎడమ అని పడింది. "ఆ పేజీ తీసేసి కొత్తది రాసివ్వనా?" అని అడిగారు.

దయచేసి అలా చేయకండి. ఆ పేజీని అప్పటికే డాక్టర్ చదివి ఉండొచ్చు, దాన్నిబట్టే ఎక్స్‌రే రాసి ఉండొచ్చు. ఇప్పుడు పేజీ మారిస్తే ఆయన ఎడమ చేతికి ఎందుకు రాశారో ఎవరికీ అర్థం కాదు. వైట్‌నర్ పూయడం, అక్షరాల మీద దిద్దడం కూడా అంతే.

పాతది అలాగే ఉంచి, కింద కొత్త ఎంట్రీ రాయండి. తేదీ, టైమ్ మీరు ఇప్పుడు రాస్తున్నవే వేయాలి, రాత్రివి కాదు. ఇలా సరిపోతుంది:

"సవరణ, ఇవాళ్టి తేదీ, ఉదయం 9:15. రాత్రి 2:40 ఎంట్రీలో ఎడమ మోచేయి అని పొరపాటున రాశాను. దెబ్బ తగిలింది కుడి మోచేతికి. ఉదయం 9:00కి పేషెంట్‌ను మళ్లీ చూసి నిర్ధారించుకున్నాను. 9:10కి డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పాను." కింద పేరు, సంతకం.

ఎలా తెలిసిందో రాసే ఆ వాక్యం వదిలేయకండి, చాలామంది మర్చిపోయేది అదే. కంప్యూటర్‌లో అయితే సవరణ జోడించే ఆప్షన్ వాడండి.

ఇంకొకరు రాసినదాన్ని మీరు సవరించకండి, వాళ్లకే చెప్పండి. ఇలాంటి కుడి-ఎడమ తప్పయితే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి, తర్వాతే రాయండి. చెప్పిన టైమ్ కూడా ఆ ఎంట్రీలోనే వేయండి.