బీమా కాగితం ఉందా అని కాదు, ఎంతకు ఉందో చూడండి

నెల్లూరు నీటిపారుదల శాఖ సూపరింటెండింగ్ ఇంజినీరు గారికి,

అయ్యా,

కోవూరు వైపు మురుగుకాలువ మీద రెగ్యులేటరు పనికి మా టెండరుతో జత చేసిన లేఖ ఇది. ఇందులోని సంగతి ఇతర కాంట్రాక్టర్లకూ పనికొస్తుందని బహిరంగంగానే రాస్తున్నాను.

మా సంస్థకు ఏటా నడిచే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ ఉంది. పని మాకు దక్కితే, స్థలం అప్పగించిన రోజు నుంచి దీన్ని ఆ పాలసీలో చేర్చడానికి బీమా కంపెనీ ముందే ఒప్పుకున్న పత్రం జత చేశాను. అందులో మీరు మొదట చూడవలసింది బీమా మొత్తం.

మేము కోట్ చేసిన ధర 6 కోట్లు. గేట్లు, వాటి యంత్రాలు శాఖే ఇస్తుంది. వాటి విలువ 2 కోట్లు. మా బిల్లులో లేవు కదా అని వాటిని వదిలేసి 6 కోట్లకే పాలసీ తీసుకునేవారు చాలామంది. కానీ రేపు పని స్థలంలో వరదకు కొట్టుకుపోయేది 8 కోట్ల విలువైన పనిలో భాగం. 40 లక్షల నష్టం జరిగితే, తక్కువకు బీమా చేశారన్న కారణంతో కంపెనీ అందులో ముప్పాతిక భాగమే, అంటే 30 లక్షలే లెక్కలోకి తీసుకుంటుంది. అందులోంచి మళ్లీ ప్రతి క్లెయిములో మనమే భరించాల్సిన ఎక్సెస్ కోత. మిగతాది ఎవరు భరించాలన్న తగాదాలో పని ఆగిపోతుంది. అందుకే మా పత్రంలో మొత్తం 8 కోట్లుగా ఉంది. రింగు బండ్, సెంటరింగ్ సామగ్రి విలువ విడిగా చూపించాము. చూపకపోతే వాటికి పరిహారం అడగడం కష్టం.

మూడో పక్షానికి జరిగే నష్టానికి ఒక్కో ఘటనకు కోటి రూపాయల పరిమితి పెట్టాము. కాలువ గట్టును ఆనుకుని వరి మళ్లు, ఇళ్లు ఉన్నాయి మరి. కూలీల ప్రమాదాలు దీని కిందకు రావు. ఆ పాలసీ వేరుగా జత చేశాను.

ఇక గడువు. మన జిల్లాలో అసలు ప్రమాదం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు పెన్నా వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. పనికి గడువు పొడిగిస్తూ మీరు ఉత్తర్వు ఇచ్చినా పాలసీ గడువు దానంతట అది పెరగదు. పాత గడువు తీరకముందే అదనపు ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్ తెచ్చుకోవాలి. అది చూపించాకే మాకు పొడిగింపు ఇవ్వండి, అభ్యంతరం లేదు. లోపాల సవరణ కాలానికి కూడా, పరిమితంగానే అయినా, రక్షణ తీసుకున్నాము.

పాలసీలో బీమా రక్షణ పొందేవారిగా మా పేరుతో పాటు శాఖ పేరు కూడా ఉంటుంది. అతి తక్కువ ధర వేసిన ఎల్1 ఎవరో తేల్చే ముందు, పోటీదారులందరి పత్రాల్లోనూ శాఖ ఇచ్చే సామగ్రి విలువ కలిసిందో లేదో మీ కార్యాలయం సరిచూడాలని కోరుతున్నాను. తక్కువ ప్రీమియం లెక్కతో తక్కువ ధర వేసినవారితో పోటీ పడాల్సి వస్తే, నిజాయితీగా లెక్క వేసినవాడికే నష్టం.

భవదీయుడు,
ఒక సివిల్ కాంట్రాక్టరు, కావలి